పేరులో పొడి... సీసాలో తీపి!

‘సెక్’ అంటే ఫ్రెంచిలో పొడి. వైన్‌కి వాడితే తీపి లేనిదని అర్థం. ఆ మాట చూసి షాంపేన్ కొంటే మాత్రం తియ్యగా తగులుతుంది! 19వ శతాబ్దంలో షాంపేన్‌ని బాగా తియ్యగా చేసేవారు. అందులో కాస్త తీపి తగ్గినదే ‘సెక్’. తర్వాత తీపి ఇంకా తగ్గించి, దాన్ని ‘బ్రూట్’ అన్నారు.

ఇప్పుడు యూరప్ నిబంధనల ప్రకారం లీటరు నురగ వైన్‌లో చక్కెర 12 గ్రాముల లోపుంటేనే బ్రూట్. సెక్‌లో 17 నుంచి 32 గ్రాములు ఉండొచ్చు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో బ్రూట్‌కి మహా అయితే 9 గ్రాములు, సెక్‌కి 24 గ్రాముల దాకా... సుమారు ఆరు చెంచాలు! నురగ లేని వైన్ మీద సెక్ అని ఉంటే అది నిజంగానే తీపి లేనిది.

మిగతా మాటలకు తీపితో పనిలేదు. ‘క్రూ’ ద్రాక్ష పండిన చోటుకి గుర్తు. బర్గండీలో ‘గ్రాండ్ క్రూ’ అంటే అన్నిటికన్నా పైస్థాయి తోట. ‘రెసెర్వా’ చెప్పేది వయసు. స్పెయిన్‌లోని రియోహా రెడ్ వైన్‌కి ఆ పేరు రావాలంటే కనీసం మూడేళ్లు నిల్వ ఉంచాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో. అమెరికా సీసా మీది ‘రిజర్వ్’కి మాత్రం అక్కడి సమాఖ్య నిబంధనల్లో ఏ అర్థమూ లేదు. అందుకే మాటకన్నా ముందు దేశం పేరు చూడాలి.