మోకాలికి వేసిన మాత్ర కిడ్నీకి ఎలా తగిలింది?

ఉపాధి పనికి వెళ్లే అరవై ఏళ్ల మహిళ ఒకరు ఉన్నారనుకుందాం. బీపీకి టెల్మిసార్టాన్‌, దాంతోపాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసిన మాత్ర రోజూ వేసుకుంటారు. మే నెల ఎండలో మట్టి తవ్వి మోకాళ్లు పట్టేస్తే, మందుల షాపులో అడిగి ఎసిక్లోఫెనాక్‌ మాత్రలు తెచ్చుకున్నారు. పూటకొకటి చొప్పున మింగితే నొప్పి తగ్గింది. పది రోజులకు మూత్రం తగ్గిపోయి, పాదాలు వాచాయి. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్‌ 0.9 నుంచి 2.6కి పెరిగింది.

దెబ్బ తగిలినచోట వాపు, నొప్పి పుట్టించేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. ఆస్పిరిన్‌ లాంటి మందులు వాటి తయారీని ఆపి నొప్పి తగ్గిస్తాయని 1971లో జాన్‌ వేన్‌ కనుగొన్నారు. ఐబుప్రొఫెన్‌, డైక్లోఫెనాక్‌ చేసేదీ అదే. చిక్కేమిటంటే, ఇవే రసాయనాలు కడుపునూ కిడ్నీనీ కాపాడుతుంటాయి.

కడుపులో ఊరే ఆమ్లం గోడను తినేయకుండా దానిపై జిగురు పొర ఉంటుంది. ఆ పొర ఊరాలన్నా, గోడకు రక్తం అందాలన్నా ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. అవి తగ్గితే పుండు పడుతుంది. మందు రక్తం ద్వారా కూడా పనిచేస్తుంది కాబట్టి ఇంజెక్షన్‌ తీసుకున్నా, అన్నం తిన్నాకే మాత్ర వేసుకున్నా ముప్పు పోదు. ఒక్కోసారి నొప్పి తెలియకుండానే రక్తం కారుతుంది. తారులా నల్లటి విరేచనమే తొలి గుర్తు కావచ్చు.

కిడ్నీ రక్తాన్ని వడకట్టాలంటే లోపల తగినంత ఒత్తిడి ఉండాలి. చెమట పోసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, రక్తం లోపలికొచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు తెరిచి ఉంచుతాయి. బయటికెళ్లే నాళం బిగుసుకుని ఒత్తిడిని నిలబెడుతుంది. ఆమె విషయంలో ఎండ, మూత్రం మందు కలిసి నీటిని తగ్గించాయి. టెల్మిసార్టాన్‌ బయటి నాళాన్ని వదులు చేసింది. నొప్పి మాత్ర లోపలి నాళాన్ని ఇరుకు చేసింది. ఒత్తిడి పడిపోయి వడపోత మందగించింది. ఇలాంటి దెబ్బను త్వరగా గుర్తించి మాత్ర ఆపితే, చాలామందిలో కిడ్నీ మళ్లీ కోలుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే మాత్రం శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారు, గతంలో అల్సర్‌ వచ్చినవారు, రక్తం పలచబరిచే మందులో స్టెరాయిడ్లో వాడేవారు, 20 వారాలు దాటిన గర్భిణులు వీటిని సొంతంగా వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు కూడా వద్దు. 65 దాటినవారు, బీపీ మందులు వాడేవారు ముందు డాక్టర్‌ను అడగాలి. గుండె కోసం డాక్టర్‌ రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా మానేయకూడదు.

ఇలాంటివారికి మామూలు నొప్పులకు తగిన మోతాదులో పారాసిటమాల్‌ సాధారణంగా మేలు. అయితే పారాసిటమాల్‌ పేరు కనిపించే మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్‌ కూడా కలిసి ఉంటుంది. అందుకే షాపులోనే అట్ట వెనక్కి తిప్పి, అందులో ఏయే మందులున్నాయో చదివించుకోండి.