పచ్చి రాజ్‌మా పొట్టలో చేసే పని: వేయించిన పొడి ఎందుకు ప్రమాదం?

ఈమధ్య మన ప్రకృతి వ్యవసాయ రైతులు చాలామంది పండించిన గింజను గింజగా అమ్మకుండా పొడులు, పిండులు, మొలకల ప్యాకెట్లు చేసి అమ్ముతున్నారు. మంచిదే. చింతపల్లి, పాడేరు, అరకు వైపు ఏజెన్సీలో పండే రాజ్‌మాకి కూడా ఈ దారిలో మంచి గిరాకీ ఉంది. కానీ రాజ్‌మా పెసలు లాంటిది కాదు, శనగలు లాంటిది కూడా కాదు. పెసల మొలకలు పచ్చిగా తింటాం, శనగలు వేయించి పుట్నాలు చేస్తాం. ఆ రెండు పద్ధతులూ రాజ్‌మాకి వాడితే తిన్నవాళ్లు రెండు మూడు గంటల్లో వాంతులతో మంచం పడతారు. ఎందుకలా జరుగుతుంది, గింజలో ఏముంది, దాన్ని ఎలా పోగొట్టాలి అనేది ఈరోజు వివరంగా చూద్దాం.

జపాన్‌లో ఏం జరిగింది

2006 మే నెలలో జపాన్‌లో ఒక టీవీ కార్యక్రమంలో బరువు తగ్గే చిట్కా ఒకటి చెప్పారు. తెల్ల రాజ్‌మా గింజల్ని పెనం మీద సుమారు మూడు నిమిషాలు వేయించి, పొడి కొట్టి, అన్నం మీద చల్లుకుని తినమన్నారు. తెల్ల రాజ్‌మాలో పిండి పదార్థం అరగకుండా అడ్డుకునే ఒక ప్రొటీన్ ఉంటుంది, దాని కోసం ఈ చిట్కా. ఎక్కువ వేడి చేస్తే ఆ ప్రొటీన్ కూడా పోతుంది కాబట్టి తక్కువ వేయించమన్నారు.

కార్యక్రమం చూసి చేసుకు తిన్నవాళ్లలో వందల మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కొంతమంది ఆసుపత్రిలో చేరారు. గింజలో పురుగుమందు లేదు, కల్తీ లేదు, బూజు లేదు. ఉన్నదల్లా గింజ తనకోసం తాను తయారుచేసుకున్న ఒక ప్రొటీన్. మూడు నిమిషాల వేయింపు దాన్ని కదిలించలేదు.

మనవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ విషం ఎరువు వల్ల, మందు వల్ల వచ్చేది కాదు. ఘనజీవామృతం వేసి పండించినా, యూరియా వేసి పండించినా రాజ్‌మా గింజలో ఇది ఉంటుంది. "మాది ప్రకృతి సేద్యం పంట, పచ్చిగా తిన్నా ఏం కాదు" అనే మాట ఈ గింజ విషయంలో చెల్లదు.

ఆ ప్రొటీన్ పేరు, దాని తీరు

చక్కెర గొలుసుల్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్లని లెక్టిన్లు అంటారు. ఇక్కడ చక్కెర అంటే టీలో వేసుకునేది కాదండి. మన ఒంట్లో ప్రతి కణం పైపొర మీద రకరకాల చక్కెరల గొలుసులు నూగులాగా అంటిపెట్టుకుని ఉంటాయి. లెక్టిన్ ఆ గొలుసులకి పల్లేరుకాయ బట్టకి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. రాజ్‌మాలో ఉండే లెక్టిన్ పేరు ఫైటోహీమాగ్లుటినిన్. పేరు పెద్దదే, పని మాత్రం పేరులోనే ఉంది: రక్తకణాల్ని గుంపుగా అతికించే మొక్క పదార్థం అని.

ఈ ప్రొటీన్ నాలుగు ముక్కలు కలిసిన కట్ట. నాలుగు ముక్కలుంటే పట్టుకునే చేతులూ నాలుగు. ఒక చేత్తో ఒక కణాన్ని, ఇంకో చేత్తో పక్క కణాన్ని పట్టుకుంటుంది. అందుకే రక్తంలో కలిపితే ఎర్రకణాలన్నీ ముద్దకడతాయి. ల్యాబ్‌లో గింజ విషాన్ని కొలిచేదీ ఇలాగే. గింజ పొడిని ఉప్పునీటిలో నానబెట్టి, ఆ రసాన్ని సగం, సగంలో సగం అని పల్చన చేసుకుంటూ పోయి, ఒక్కోదానిలో రక్తకణాలు కలుపుతారు. ఎంత పల్చన చేసినా ఇంకా ముద్దకడుతోందంటే అంత బలం ఉన్నట్టు లెక్క.

ఆ లెక్కలో పచ్చి ఎర్ర రాజ్‌మా 20,000 నుంచి 70,000 యూనిట్ల దాకా చూపిస్తుంది. పూర్తిగా ఉడికిన రాజ్‌మా 200 నుంచి 400 మాత్రమే చూపిస్తుంది. తెల్ల రాజ్‌మాలో ఎర్రదాంట్లో ఉన్నదానిలో సుమారు మూడో వంతు ఉంటుంది. తక్కువే కదా అనుకోకండి, జపాన్‌లో జనాన్ని మంచాన పడేసింది ఆ తెల్లదే.

మన ఆముదం గింజలోని రిసిన్ కూడా లెక్టిన్ జాతిదే. అది కణం లోపలికి దూరి ప్రొటీన్ల తయారీనే ఆపేస్తుంది కాబట్టి ప్రాణం తీస్తుంది. రాజ్‌మా లెక్టిన్ అంత దూరం పోదు. దాని గొడవంతా ముఖ్యంగా పేగులోనే.

పేగులో ఏం చేస్తుంది

మామూలుగా మనం తిన్న ప్రొటీన్‌ని కడుపులో ఆమ్లం, పేగులో ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఈ లెక్టిన్ వాటికి లొంగదు. చాలామటుకు చెక్కుచెదరకుండా చిన్నపేగు దాకా వస్తుంది.

చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద పోగుల్లాగా చిన్న చిన్న మొలకలుంటాయి. వాటి మీద ఉన్న ప్రతి కణానికీ ఇంకా సన్నటి నూగు ఉంటుంది. తిన్నది ఒంటికి పట్టేది ఆ నూగు ద్వారానే. ఆ నూగు నిండా చక్కెర గొలుసులే. లెక్టిన్‌కి కావలసింది అదే. వచ్చి అక్కడ అతుక్కుంటుంది.

అతుక్కున్నాక నూగు దెబ్బతింటుంది, పొట్టిబడుతుంది. పోషకాలు పీల్చే పని మందగిస్తుంది. పేగు గోడ తన కట్టుబాటు కోల్పోయి నీళ్లు బయటికి వదులుతుంది. అదే విరేచనం. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో ఇంకో విషయం కూడా తెలిసింది. పచ్చి రాజ్‌మా పెట్టిన ఎలుకల చిన్నపేగులో ఇ.కోలై లాంటి బ్యాక్టీరియా విపరీతంగా పెరిగాయి. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకి అదే మేత పెడితే దెబ్బ తక్కువగా తగిలింది. అంటే లెక్టిన్ తలుపు తీస్తే, పేగులో ఉన్న సూక్ష్మజీవులు ఆ సందు వాడుకుంటున్నాయన్నమాట.

మనిషిలో లక్షణాలు సాధారణంగా తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో మొదలవుతాయి. ముందు విపరీతమైన వికారం, వాంతులు. తర్వాత విరేచనాలు, కొందరిలో కడుపునొప్పి. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు. చాలామంది లక్షణాలు మొదలైన మూడు నాలుగు గంటల్లో తేరుకుంటారు. దీనికి విరుగుడు మందంటూ లేదు. పోయిన నీళ్లు, లవణాలు తిరిగి ఎక్కించడమే వైద్యం, కాబట్టి ఓఆర్ఎస్ తాగించాలి. పిల్లలైనా, పెద్దవయసు వాళ్లైనా, వాంతులు ఆగకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాడైన అన్నం తిన్నా ఇలాగే తొందరగా వాంతులవుతాయి కాబట్టి రాజ్‌మా ఎలా వండారో డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

వేడి ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు

ఈ ప్రొటీన్‌ని పాడుచేసేది మరిగే నీళ్ల తడివేడి. ప్రొటీన్ అంటే మడతలు పెట్టిన దారం లాంటిది. నీళ్లలో మరిగితే ఆ మడతలు విడిపోతాయి, పట్టుకునే చేతులు ఆకారం కోల్పోతాయి. ఎండుగింజలో నీళ్లుండవు. అదే వేడి ఇచ్చినా మడత అంత తేలిగ్గా విడదు. పైగా పెనం మీద పైతోలు మాడే సమయానికి లోపలి పప్పు ఇంకా వేడెక్కనే వేడెక్కదు. కమ్మటి వాసన వస్తుంది, రంగు తిరుగుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. వేయించిన పొడిలో అసలు చిక్కు ఇదే.

రెండో చిక్కు సన్నసెగ. విదేశాల్లో గంటల తరబడి తక్కువ వేడిలో వండే కరెంటు కుండలున్నాయి, ఇప్పుడు మన దగ్గరికీ వస్తున్నాయి. వాటిలో లోపలి వేడి ఒక్కోసారి 75 డిగ్రీలు కూడా దాటదు. ఆ వేడికి గింజ మెత్తబడుతుంది, లెక్టిన్ మాత్రం నిలుస్తుంది. 80 డిగ్రీల దాకా వేడిచేసి ఆపేసిన గింజ పచ్చిదానికంటే ఐదు రెట్లు దాకా ఎక్కువ విషం చూపవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరిస్తుంది. కాబట్టి "మెత్తగా ఉంది కదా" అన్నది ఒక్కటే గుర్తు కాదు. నీళ్లు తెర్లి ఉండాలి, గింజ మెత్తబడి ఉండాలి. రెండూ కావాలి.

నానబెట్టడం ఒక్కటీ చాలదు. బ్రిటన్‌లో 1976లో సెలవులకి వెళ్లిన బడిపిల్లలు నానబెట్టిన పచ్చి రాజ్‌మా తిని పడిపోయారు. అప్పటి నుంచే అక్కడ ఈ విషయం మీద దృష్టి పడింది. మొలకెత్తించడం కూడా చాలదు. రాజ్‌మా మొలకలు పచ్చివి తినకూడదు, అమ్మకూడదు.

ఒక కిలో రాజ్‌మాతో పొడి చేయాలంటే

పొడి అమ్మాలనుకునేవాళ్లు ముందు గింజని ఉడికించి, ఆరబెట్టి, తర్వాతే పిండి పట్టించాలి. వరుస ఇది.

కిలో గింజని ఏరి, కడిగి, మూడు లీటర్ల నీళ్లలో రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టండి. కనీసం ఐదు గంటలైనా ఉండాలి. గింజ సుమారు రెండింతల బరువుకి వస్తుంది. ముడతలు పడి నీళ్లు పీల్చని గింజలు కనబడితే తీసేయండి, అవి ఎంత ఉడికించినా మధ్యలో గట్టిగానే ఉంటాయి. నానిన నీళ్లు పారబోసి, గింజ మళ్లీ కడగండి.

కొత్త నీళ్లు గింజ పైన నాలుగు వేళ్లు నిలిచేలా పోసి పెద్ద మంట పెట్టండి. నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి టైము లెక్కపెట్టాలి, పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి కాదు. బాగా నానిన గింజకి పది నిమిషాల మరుగు చాలంటారు. గింజ నడుమ దాకా వేడి చేరిందన్న భరోసా కోసం అమెరికా సంస్థ 30 నిమిషాలు చెబుతుంది. అమ్మే సరుకుకి 30 నిమిషాలే పాటించండి. ఆ తర్వాత మెత్తబడే దాకా మామూలు మంట మీదైనా, కుక్కర్‌లోనైనా ఉడికించవచ్చు. కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అది మనకి అనుకూలమే.

పరీక్ష ఇలా చేయండి. గిన్నెలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి మొత్తం పది గింజలు తీసి అడ్డంగా కోయండి. నడిమిలో సుద్దలాంటి తెల్లచుక్క ఒక్కదానిలో ఉన్నా ఆ వాయి మళ్లీ మరగాలి. అన్నీ సరిగా ఉంటే నీళ్లు వార్చి, పల్చగా పరిచి, గలగలలాడేలా ఆరబెట్టి పిండి పట్టించండి. ఆరిన తర్వాత రుచి కోసం దోరగా వేయించుకున్నా ఇబ్బంది లేదు, విషం అప్పటికే పోయింది.

గింజగానే అమ్మేవాళ్లు ప్యాకెట్ మీద ఈ రెండు వాక్యాలు వేయండి: "రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లలో కనీసం 30 నిమిషాలు తెర్లించి, మెత్తగా ఉడికాకే తినండి." విరిగిన గింజలు, తాలు మిగిలితే వాటిని కూడా కోళ్లకి పచ్చిగా వేయకండి. వాటి ఎదుగుదల దెబ్బతింటుంది. అవీ ఉడికించే వేయండి.

నానబెట్టిన దగ్గర నుంచి గింజ కోసి చూసే పరీక్ష దాకా వీడియోలో చూపించాం. ముఖ్యంగా తెల్లచుక్క ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కన పెట్టిన చోట ఒకసారి ఆపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.