పదకొండు కమిట్లు, ఒక పేరు

గురువారం మధ్యాహ్నం డెమో. నెలవారీ బిల్లుల సరిచూపు జాబ్ ఇదివరకు నలభై నిమిషాలు నడిచేది, ఇప్పుడు ఆరు నిమిషాల్లో అయిపోతోంది. టీమ్‌లో మీకంటే రెండేళ్లు సీనియర్ అయిన సహోద్యోగి తెర మీద గ్రాఫ్ చూపిస్తూ, "నేను దీన్ని ఆరు నిమిషాలకు తెచ్చాను" అన్నాడు. మేనేజర్ చప్పట్లు కొట్టాడు. అలవాటు కొద్దీ మీరూ కొట్టారు. జాబ్ ఎందుకు నెమ్మదించిందో పట్టుకున్నది మీరేనన్న సంగతి చప్పట్లు ఆగాక గుర్తొచ్చింది.

ఇది కల్పిత ఉదాహరణే అయినా, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత వెంటనే నోటికొస్తుంది. రానివ్వండి, మెయిల్‌లో మాత్రం రాయకండి. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: పోయింది ఏమిటి, ఎక్కడ పోయింది?

పని విడదీసి చూద్దాం. డాష్‌బోర్డ్ తెర మొత్తం అతనే రాశాడు, సుమారు 1,400 లైన్లు. మీ వంతు క్వెరీ. మూడు రోజులు తవ్వితే తేలింది ఇదీ: బిల్లు తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉంది, కానీ క్వెరీ ఆ కాలమ్‌ను ఒక ఫంక్షన్‌లో చుట్టేసింది. అలా చుట్టిన కాలమ్‌కు మామూలు ఇండెక్స్ పనికిరాదు. డేటాబేస్ టేబుల్ మొత్తం వరుసగా చదువుకుంటూ పోతుంది. మీరు మార్చింది ఇంతే:

```
-- ముందు
WHERE date(bill_date) = '2024-03-01'
-- తర్వాత
WHERE bill_date >= '2024-03-01'
  AND bill_date <  '2024-03-02'
```

ఒక లైను రెండు లైన్లయింది. నలభై నిమిషాలు ఆరయ్యాయి. లైన్లు లెక్కపెట్టి జీతాలిచ్చే లోకంలో మీరు ఈ నెల పస్తే.

ఇక రికార్డు. మీ బ్రాంచిలో పదకొండు కమిట్లున్నాయి, ఎక్కువ భాగం కొలతలు, టెస్టులు. వాటిని మెయిన్‌లోకి చేర్చింది అతను, తన మెషీన్ మీద, ఇలా:

```
git merge --squash billing-fix
git commit -m "Speed up billing reconciliation"
```

స్క్వాష్ అంటే పదకొండింటినీ కలిపి ఒకే ముద్ద చేయడం. ఆ ముద్దకు రచయిత ఎవరంటే, రెండో కమాండ్ కొట్టినవాళ్లు. మీ పేరును ఎవరూ పనిగట్టుకుని చెరిపేయలేదు, అసలు అడిగిన నాథుడే లేడు. చెర్రీ-పిక్ చేసినా రీబేస్ చేసినా గిట్ అసలు రచయిత పేరును అలాగే ఉంచి, చేర్చినవాళ్ల పేరును కమిటర్‌గా పక్కన రాసుకుంటుంది. స్క్వాష్‌లో ఆ మర్యాద లేదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ రెండు వేర్వేరు ఘటనలున్నాయి. మెయిన్‌లో మీ పేరు లేకపోవడం పనిముట్టు చేసిన పని కావచ్చు. డెమోలో "నేను" అన్నది మాత్రం మనిషే. రెండింటినీ ఒకే మూటగా కట్టి "నా పని కొట్టేశాడు" అన్నారనుకోండి, అతను మొదటిదానికి మాత్రమే జవాబు చెప్పి, ఆ జవాబు నిజం కూడా అయి, రెండోదాన్నుంచి తప్పించుకుంటాడు.

మాట్లాడేముందు బ్రాంచి ఇంకా ఉందో లేదో చూసుకోండి. సర్వర్‌లో తీసేసినా మీ ల్యాప్‌టాప్‌లో ఉండే అవకాశం ఎక్కువ:

```
git log main..billing-fix --format="%h %an %ad %s"
```

స్క్వాష్ చేసిన కమిట్లు మెయిన్‌లోకి విడివిడిగా రావు కాబట్టి, ఈ పట్టీలో మీ పదకొండూ పేర్లతో, తేదీలతో కనిపిస్తాయి. అయితే ఇది తీర్పు కాదు, సాక్ష్యం మాత్రమే. గిట్‌లో రచయిత పేరు అంటే సెట్టింగుల్లో ఎవరు ఏం రాసుకుంటే అది. పైగా మూడు రోజుల తవ్వకం ఏ కమిట్‌లోనూ కనిపించదు. అది టికెట్ కింద మీరు రాసిన కామెంట్లలో ఉంటుంది: "క్వెరీ ప్లాన్‌లో టేబుల్ మొత్తం స్కాన్ అవుతోంది, ఇండెక్స్ తీసుకోవట్లేదు" అని ఏ మంగళవారమో రాసిన ఒక్క వాక్యం పదకొండు కమిట్లకంటే బరువైనది. రాయలేదా? అయితే ఈసారి ఫీజు కట్టి పాఠం నేర్చుకున్నట్టు.

ఇప్పుడు మాట. మొదట అతనితోనే, విడిగా, ఒకటి రెండు రోజుల్లోపు. వారం దాటితే అది వివరణలా ఉండదు, మనసులో పెట్టుకున్న కోపంలా వినిపిస్తుంది.

"అన్నా, గురువారం డెమోలో ఆరు నిమిషాల సంగతి నువ్వు చేసినట్టుగా వెళ్లింది. డాష్‌బోర్డ్ మొత్తం నీదే. క్వెరీలో కారణం పట్టుకుని మార్చింది మాత్రం నేను. డెమో నోట్స్‌లో ఆ రెండూ విడివిడిగా రాద్దామా?"

ఇందులో అతని వంతు ముందు చెప్పడం మర్యాద కోసం మాత్రమే కాదు. రేపు మేనేజర్ విచారిస్తే ఇద్దరి మాటా ఒకేలా ఉండాలి. అతని వంతును మీరు ఒక్క లైను తగ్గించి చెప్పినా, చర్చ ఆ ఒక్క లైను చుట్టూ తిరిగి మీ క్వెరీ దాకా రాదు. ఇంకోటి: "నువ్వు చెప్పావు" అనకుండా "అలా వెళ్లింది" అనడంతో అతనికి వెనక్కి తగ్గే దారి మిగిలింది. సగం సందర్భాల్లో "అయ్యో, చూసుకోలేదు" అన్న జవాబు వస్తుంది. అది నిజమో కాదో తేల్చడం మీ పని కాదు, నోట్స్ మారాయో లేదో చూడడమే మీ పని.

మారకపోతే మేనేజర్‌కు మూడు వాక్యాలు. పట్టిన కారణం, చేసిన మార్పు, ఎవరి వంతు ఏది. కింద టికెట్ లింకు, బ్రాంచి పేరు. "బాధ కలిగింది", "అన్యాయం" లాంటి మాటలు లేకుండా. బాధ నిజమే, కానీ దానికి తేదీ, కమిట్ నంబరు ఉండవు.

మెయిన్ చరిత్రను తిరగరాసి మీ పేరు ఎక్కించాలన్న ఆలోచన వస్తుంది, మానుకోండి. బలవంతపు పుష్ చేస్తే మిగతా టీమ్ కాపీలన్నీ మెయిన్‌తో పొసగకుండా పోతాయి. ఆరోజు నుంచి మీరు క్వెరీ బాగుచేసిన మనిషిగా కాక, రిపో పాడుచేసిన మనిషిగా గుర్తుండిపోతారు. జరిగినదానికి టికెట్‌లో ఒక కామెంటు చాలు. జరగబోయేదానికి, స్క్వాష్ చేసేటప్పుడు సందేశం చివర ఒక ఖాళీ లైను వదిలి ఇది చేర్చే పద్ధతి టీమ్‌లో పెట్టించండి:

```
Co-authored-by: Name <name@example.com>
```

గిట్‌హబ్ ఈ లైనును గుర్తించి ఆ కమిట్ పక్కన ఇద్దరినీ చూపిస్తుంది, మెయిల్ అడ్రసు ఖాతాలో ఉన్నదే అయితే. ఒక అక్షరం తప్పినా మీరు మళ్లీ అజ్ఞాత రచయితే.

మేనేజర్ దగ్గర చివరగా ఒక మాట ఎదురవుతుంది: "ఇవన్నీ ఎందుకమ్మా, టీమ్ వర్క్ కదా!" వాదించక్కర్లేదు, ఒప్పుకోండి. "అవును సార్, టీమ్ వర్కే. అందుకే రెండు పేర్లు."