గ్లాసుతో కాదు... చెంచాతో!

చిన్నాడికి రెండ్రోజుల కిందట వాంతులు పట్టుకున్నాయి. వాడు తేరుకున్నాడనుకునేలోపు నాన్నకి మొదలయ్యాయి. నలభై రెండేళ్ల మనిషి, తెల్లారేసరికి మొదలై సాయంత్రందాకా ఎనిమిదిసార్లు కక్కుకున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. ఎనిమిదో వాంతి కాగానే నిమ్మరసం కలిపిన గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాడు. ఐదు నిమిషాలైనా కాలేదు, తాగిందంతా బయటికొచ్చేసింది. 'అయ్యో, మంచినీళ్లు కూడా ఇమడట్లేదే' అని ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు.

నిజానికి తప్పు నీళ్లది కాదు, గ్లాసుది. వైరస్ సోకిన కడుపు వాచి, మందగిస్తుంది. లోపలికి వెళ్లింది త్వరగా పేగుల్లోకి జారదు. ఆ స్థితిలో ఒక్కసారిగా పావులీటరు పడితే కడుపు సాగుతుంది, వెంటనే వాంతి తన్నుకొస్తుంది. అదే ఒక చెంచా నీళ్లయితే సాగేంత బరువుండదు. అందుకే దాహం చెప్పినట్టు కాకుండా గడియారం చెప్పినట్టు తాగాలి.

వాంతయ్యాక అరగంటసేపు కడుపుకి విశ్రాంతినివ్వాలి. ఆ తర్వాత మూడు నిమిషాలకోసారి ఒక టీచెంచా, అంటే 5 మిల్లీలీటర్లు. గంటలో 100 మిల్లీలీటర్లు లోపలికెళ్తాయి. అవి నిలిస్తే రెండో గంటలో మూడు నిమిషాలకోసారి రెండు చెంచాలు, మొత్తం 200. మూడో గంటలో పది నిమిషాలకోసారి పావుగ్లాసు, సుమారు 300. చెంచాలతో మొదలుపెట్టినా మూడు గంటల్లో 600 మిల్లీలీటర్లు చేరిపోయాయన్నమాట! మధ్యలో వాంతయితే కంగారు అక్కర్లేదు. పావుగంట ఆగి, మళ్లీ ఒక చెంచా నుంచి మొదలుపెట్టాలి. ఆ నాన్న విషయంలోనూ అంతే. రెండో గంటలో ఒకసారి వాంతయింది, ఆగి మళ్లీ మొదలుపెట్టారు. రాత్రి పదింటికి పావుగ్లాసు నిలిచింది.

చెంచాలో ఏముండాలి? వాంతులతో పోయేది నీరొక్కటే కాదు, లవణాలు కూడా. ఓఆర్ఎస్‌లోని గ్లూకోజు, ఉప్పులోని సోడియం జతగా పేగు గోడలోంచి లోపలికెళ్తాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ద్రావణాన్నే కలిపి తాగించి, కలరా రోగుల్ని కాపాడారు. మందులషాపులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఫార్ములా అని రాసివున్న పొడి ప్యాకెట్ తీసుకుని, ఎంత నీటిలో కలపమని ఉంటే కచ్చితంగా అంతలోనే కలపాలి. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువవుతుంది, పెరిగితే ప్రయోజనం తగ్గుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. చెంచాని తలగొట్టి కొలవాలి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పళ్లరసాల్లో తీపి మరీ ఎక్కువ, విరేచనాలుంటే అవి మరింత పెరుగుతాయి. కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌కి బదులు కావు.

ఇక తిండి. వాంతులు ఆగాక ఆకలి వేస్తే పెట్టేయొచ్చు, పథ్యం పేరుతో రెండ్రోజులు కడుపు మాడ్చక్కర్లేదు. ఆ నాన్నకి మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆకలేసింది. ఉప్పేసిన పల్చటి జావ అరగ్లాసు ఇచ్చారు. గంట గడిచినా వికారం లేదు. పదింటికి ఒక ఇడ్లీ, కారం లేకుండా. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నంలో పెరుగు, నాలుగు ముద్దలు. రాత్రికి అదే కాస్త ఎక్కువ. మూడోరోజు పప్పన్నం. ఆవకాయ, వేపుళ్లు, బిర్యానీలాంటివి మాత్రం రెండుమూడు రోజులు పక్కన పెట్టడమే మేలు. కాఫీ కూడా అంతే. పేగుల లోపొర దెబ్బతింటే పాలలోని చక్కెర కొందరికి కొన్నాళ్లు అరగదు, పాలతో ఉబ్బరం వస్తుంది. పెరుగు అంత ఇబ్బందిపెట్టదు.

సరిగ్గా నీరందుతోందా? మూత్రమే చెబుతుంది. నాలుగైదు గంటలకోసారి లేత పసుపురంగులో వస్తుంటే దారిన పడ్డట్టే. ఎనిమిది గంటలైనా రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, చెంచా నీళ్లు కూడా నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్లి సెలైన్ ఎక్కించుకోవాల్సిందే. వాంతిలో రక్తం లేదా ఆకుపచ్చటి పైత్యం, తగ్గని కడుపునొప్పి, మెడ పట్టేసే తలనొప్పి, మాటలో తికమక ఉంటే ఆలస్యం చేయకూడదు. వాంతులు మొదలై రెండ్రోజులు దాటినా డాక్టర్ని చూడాలి.

బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు ఆ రోజునే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఒళ్లు ఎండిపోయినప్పుడు కొన్ని మాత్రలు మూత్రపిండాలకి చేటు చేస్తాయి, వాటిని తాత్కాలికంగా ఆపమంటారు. ఇన్సులిన్ మాత్రం సొంతంగా ఆపకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో కూడా అడిగి తెలుసుకోవాలి.