తెలియని బిట్టుకు జవాబు పెట్టాలా, వదలాలా?



ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్‌-1 మాక్ టెస్టులో ఇంగ్లిష్ బిట్లు ఎనిమిది వదిలేశానని, మైనస్ మార్కులంటే భయమని రాశావు. ముందు ఆ మైనస్ ఎంతో చూద్దాం. ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అంటే ఒక్క ఒప్పు నాలుగు తప్పుల కోతను పూడ్చేస్తుంది. ఊహించి పెట్టినవాటిలో ఐదింట ఒకటి కంటే ఎక్కువ తగిలితే లాభమే. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున నాలుగింట ఒకటి తగలాలి. అలా బిట్టుకు మిగిలేది మార్కులో ఎనిమిదో వంతే. పైగా నాలుగు బిట్లు గుడ్డిగా పెడితే నాలుగూ తప్పయ్యే అవకాశం దాదాపు మూడో వంతు. కాబట్టి గుడ్డి ఊహ మీద ఆశ పెట్టుకోకు. ఒక ఆప్షన్ తప్పని తేల్చగలిగితే మాత్రం బిట్టుకు సగటు లాభం మార్కులో మూడో వంతుకు, రెండు తేల్చగలిగితే ముప్పావుకు పెరుగుతుంది.

అయితే గ్రామర్‌లో మన ఊహ ఎప్పుడూ గుడ్డిది కాదు. చెవికి ఏది ఇంపుగా ఉంటే దాన్ని పెడతాం. పేపర్ తయారుచేసేవాళ్లు ఆ చెవినే మోసం చేస్తారు. ఈ వాక్యం చూడు: 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ / సోల్డ్ ఇన్ దిస్ మార్కెట్ / ఆర్ నాట్ గుడ్ / నో ఎర్రర్'. మ్యాంగోస్ బహువచనం కనుక 'ఆర్' సరిగ్గానే వినిపిస్తుంది. 'సోల్డ్' ముందు ఏదో తగ్గినట్టుంటుంది. రెండో భాగమో, 'నో ఎర్రరో' పెట్టేస్తావు. అందుకే ముందు క్రియను పట్టుకో, దాని కర్త ఎవరో వెతుకు. 'ఆఫ్' నుంచి 'మార్కెట్' దాకా వేలితో మూసెయ్యి. మిగిలేది 'క్వాలిటీ ఆర్'. అక్కడ 'ఈజ్' ఉండాలి. తప్పు మూడో భాగంలో ఉంది.

ఆప్షన్‌ను కొట్టేసేటప్పుడు కారణం ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. 'వినడానికి బాగాలేదు' అన్నది కారణం కాదు. తప్పు కనిపించలేదని 'నో ఎర్రర్' పెట్టడమూ అంతే. క్రియ, కర్త, ప్రిపొజిషన్, ఆర్టికల్ చూశాకే దాన్ని పెట్టు.

ఇకపై మాక్ టెస్టుల్లో ఊహించిన ప్రతి బిట్టు నంబరునూ రఫ్ పేపర్ మీద రాసుకో. ఒక ఆప్షనైనా కారణంతో కొట్టేసినవి ఒకవైపు, చెవిని నమ్మి పెట్టినవి మరోవైపు. ఇరవై చొప్పున పోగయ్యాక లెక్కచూడు. కారణంతో పెట్టిన ఇరవైలో తొమ్మిది తగిలితే 18 మార్కులు వచ్చి ఐదున్నర పోతాయి, పన్నెండున్నర మిగులుతాయి. చెవిని నమ్మినవాటిలో మూడే తగిలితే రెండున్నర మార్కులు చేతినుంచి పోయినట్టే. అలాంటివి వదిలెయ్యి.

టైర్‌-2 ఇంగ్లిష్‌లో ఒప్పుకు 3, తప్పుకు 1 కోత. అక్కడ గుడ్డి ఊహకు సగటున మిగిలేది సున్నా. ఒక్క ఆప్షనైనా కారణంతో కొట్టెయ్యలేకపోతే ఆ బిట్టు ముట్టుకోకు. వచ్చే నెల ఆ రెండు లెక్కలూ నాకు రాసి పంపు.