వారం వారం తప్పిపోయే పని: మార్చాలా, మానాలా?

ఈ వారం కుదరలేదు, వచ్చే వారం చూద్దాం అంటూ నెట్టుకొచ్చే పని ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. దాన్ని మరో రోజుకు మార్చాలో, మొత్తానికే మానాలో తేలాలంటే ముందు ఆ ‘వారం’ అన్న గడువు ఎవరు పెట్టారో చూడాలి.

డ్రై డే సంగతే తీసుకుందాం. కూలరు, నీళ్ల డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్లేలు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టమని ఆరోగ్య సిబ్బంది చెబుతుంటారు. మన ఊళ్లలో చాలాచోట్ల దానికి శుక్రవారమని పేరు. ఈ వారం గడువు పెట్టింది దోమ. డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్డు ఎండాకాలపు వేడిలో 7 నుంచి 10 రోజుల్లో ఎగిరే దోమ అవుతుంది. అందుకే ఈ పనిని 15 రోజులకోసారి అని సాగదీస్తే, మధ్యలో ఒక కాన్పు రెక్కలొచ్చి వెళ్లిపోతుంది. ఇక చేసినా పెద్దగా ఫలితం ఉండదు.

గడువు కదలదు సరే, రోజు కదలొచ్చు. శుక్రవారం పొద్దున పూజ, పిల్లల బడి, ఆఫీసు. పైగా రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వీధిలో నిండు డ్రమ్మును పారబొయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? పని తప్పడానికి అసలు కారణం బద్ధకం కాదు, ఈ నీళ్లే. అలాంటి ఇంట్లో కుళాయి రాబోయే ముందు, డ్రమ్ము ఎలాగూ అడుగంటినప్పుడు, వారానికి ఒకసారి పీచుతో లోపలి గోడలు రుద్దేస్తే సరిపోతుంది. రుద్దడం తప్పనిసరి. ఈ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగిలితే లేస్తాయి. పని సరిగ్గా జరుగుతోందా అన్నది టార్చిలైటు వేస్తే తెలుస్తుంది: సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంటే గడువు దాటినట్టే.

ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్ల వ్యవహారం వేరు. ప్రతి ఆదివారం చూడాలని రాసుకుని నెలంతా తప్పినా చాలాసార్లు ఏమీ కాదు. ఎందుకంటే ఆ ఆదివారాన్ని బ్యాటరీ అడగలేదు, మనం పెట్టుకున్నాం. నీటి మట్టం చూపే ఫ్లోట్లు ఉన్నాయి. నెలకోసారి వాటిని చూసి, గుర్తు కిందికి దిగితేనే డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు. కరెంటు కోతలెక్కువైన ఎండాకాలంలో మాత్రం ఇంకాస్త తరచుగా చూడాలి. ప్లేట్లు నీళ్లలోంచి బయటపడితే బ్యాటరీ పాడవుతుంది మరి.

మానెయ్యడానికి నిజంగా తగినవీ ఉంటాయి. వారం ఖర్చుల పుస్తకం రాయకపోయినా ఇంట్లో ఎవరూ అడగకపోతే, దాన్ని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకపోతే, ఆ పుస్తకం మూసెయ్యొచ్చు.

దోమల పనిని కూడా కొంతవరకు వదిలించుకోవచ్చు, కానీ కారణాన్ని తీసేశాకే. వానలు పడగానే కూలరు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టి అటక ఎక్కిస్తే అది జాబితాలోంచి పోతుంది. వాడని డ్రమ్ము బోర్లిస్తే అదీ పోతుంది. ఫ్రిజ్ వెనక ట్రే మాత్రం ఎటూ పోదు, దానికి వారం తప్పదు.