చిన్న క్లినిక్ వెబ్‌సైట్‌కి సైట్ మ్యాప్ ఎలా గీయాలి?

ఈరోజు నేను చేసిన ఒక తప్పు నుంచి మొదలుపెడతాను.

ఇద్దరు డాక్టర్లున్న పిల్లల క్లినిక్‌కి వెబ్‌సైట్ చేశాను. చూడ్డానికి బానే ఉంది. కానీ రిసెప్షన్‌లో ఫోన్ మోగడం మాత్రం తగ్గలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, "మేడమ్ ఈరోజు ఉన్నారా అండీ?" ఆ సమాచారం సైట్‌లో ఉంది. ఎక్కడంటే, మెనూ తెరిచి, అబౌట్, అవర్ టీమ్, డాక్టర్ పేరు, టైమింగ్స్. మొత్తం ఐదు సార్లు నొక్కాలి! జ్వరంతో ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్న అమ్మ అంత ఓపిగ్గా వెతుకుతుందా?

అప్పుడు పేపర్ తీసుకుని మళ్లీ గీశాను. ఈసారి డబ్బాలు గీసే ముందు రిసెప్షన్‌లో ఒక పూట కూర్చుని, ఫోన్లో జనం ఏం అడుగుతున్నారో చీటీల మీద రాసుకున్నా. ఒక ప్రశ్నకి ఒక చీటీ. ఒకేలాంటివి ఒక కుప్ప. ఐదు కుప్పలు తేలాయి: డాక్టర్లు-టైమింగ్స్, టీకాలు, ఏ సమస్యలకు చూస్తాం, ఫీజు, ఎలా రావాలి.

ఇక బొమ్మ. పైన హోమ్ డబ్బా. దాని కింద వరుసలో ఈ ఐదు. మూడో వరుసలో డాక్టర్లకి రెండు పేజీలు, సమస్యలకి నాలుగు. నాలుగో వరుస గీయకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నా. అక్కడికి ఏదైనా దిగుతోందంటే, దాన్ని పై పేజీలోనే ఒక పేరాగా కలిపేశా. ఇద్దరి టైమింగ్స్ రెండో వరుస పేజీలోనే కనిపిస్తాయి, డాక్టర్ల సొంత పేజీల్లో మళ్లీ రాయలేదు. రెండు చోట్ల రాస్తే ఏదో రోజు ఒకటి మార్చి రెండోది మర్చిపోతాం, పేషెంట్ సెలవు రోజున వచ్చి తాళం చూస్తారు.

ఫోన్ నంబర్‌కి అసలు డబ్బానే వద్దు. ప్రతి పేజీ కింద `tel:` లింక్‌తో బటన్ పెట్టండి, నొక్కితే కాల్ వెళ్తుంది.

లోతు తగ్గించమన్నాను కదా అని పన్నెండు పేజీల్నీ మెనూలో వరసగా పెట్టేయకండి. ఫోన్లో అది స్క్రీన్ దాటి కిందికి పోతుంది, మళ్లీ వెతుకులాటే.

కోడ్ రాయకముందే ఆ పేపర్‌ని వెయిటింగ్ హాల్లో ఒక అమ్మకి చూపించి, "బాబుకి తర్వాతి టీకా ఎప్పుడో చూడాలంటే ఎక్కడ నొక్కుతారండీ?" అని అడిగా. నిజానికి అప్పటికి టీకాల డబ్బా మీద "ఇమ్యునైజేషన్" అని గొప్పగా రాసి ఉంది. ఆవిడ వేలు దాని మీదుగా వెళ్లి "ఏ సమస్యలకు చూస్తాం" దగ్గర ఆగింది. గీతలు కరెక్టే, పేరే తప్పు. అక్కడికక్కడే కొట్టేసి "టీకాలు" అని రాశా. తర్వాత అడిగిన ఇద్దరూ నేరుగా దాని మీదే వేలు పెట్టారు.